మానిటర్‌లో ఎస్‌ఆర్‌జీబీ మోడా, వైడ్ గ్యామట్ మోడా

కంప్యూటర్ తెరపై రంగులకు ఎస్‌ఆర్‌జీబీ పాతికేళ్లకు పైగా ఉమ్మడి కొలమానం. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని ప్రతిపాదించాయి. 1999లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఐఈసీ 61966-2-1 పేరుతో ప్రమాణంగా ఖాయం చేసింది. ఆనాటి గాజు గొట్టం మానిటర్లు చూపగల ఎరుపు, ఆకుపచ్చ, నీలాలే దీనికి ప్రాతిపదిక కాబట్టి పరిధి చిన్నదే. ఆ తర్వాత వచ్చిన తెరలు ఈ హద్దు దాటాయి. 1998లో అడోబ్ సంస్థ ముద్రణ అవసరాల కోసం ఆకుపచ్చ వైపు బాగా విస్తరించిన అడోబ్ ఆర్‌జీబీని తెచ్చింది. డిజిటల్ సినిమా కోసం పీ3 అనే ప్రమాణం వచ్చింది. దాన్ని కంప్యూటర్ తెరలకు అనువుగా మలిచిన డిస్‌ప్లే పీ3ని 2015లో యాపిల్ తన ఐమ్యాక్‌లతో వాడుకలోకి తెచ్చింది. ఇప్పుడు మధ్యతరగతి ధరల్లో దొరికే మానిటర్లు కూడా పీ3లో తొంభై శాతానికి పైగా చూపుతున్నాయి. అలాంటి మానిటర్ మెనూలో మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి `sRGB` మోడ్. రెండోది `Native`, `User`, `Standard`, `DCI-P3` లాంటి ఏదో ఒక పేరుతో ఉండే వైడ్ గ్యామట్ మోడ్, అంటే తెరకున్న పూర్తి రంగుల పరిధి. పగలంతా వెబ్ చూస్తూ, సాయంత్రం అదే తెర మీద ఫోటోలు దిద్దుకునే మనిషి ఈ రెండింట్లో దేన్ని ఎంచుకోవాలి? తెర నాణ్యతను బట్టో, పెట్టె మీద రాసిన శాతాన్ని బట్టో దీనికి జవాబు చెప్పలేం. మానిటర్ ఏ మోడ్‌లో ఉందో కంప్యూటర్‌కు సరిగ్గా తెలుసా లేదా అన్నదే తేల్చే విషయం.

ఎందుకో తెలియాలంటే ఫోటో ఫైల్‌లో నిజంగా ఏముందో చూడాలి. అందులో రంగు ఉండదు, అంకెలుంటాయి. ప్రతి బిందువుకూ ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని 0 నుంచి 255 దాకా మూడు అంకెలు. ఎరుపు 255 అంటే ‘ఈ తెర ఇవ్వగలిగిన నిండు ఎరుపు’ అని మాత్రమే అర్థం. సోలెడు బియ్యం అన్నప్పుడు ఎవరింటి సోలో చెప్పకపోతే ఎన్ని బియ్యమో తేలనట్టే, ఏ ప్రమాణంలో 255 అన్నది తెలియకపోతే ఆ ఎరుపు ఎంత గాఢమో తేలదు. ఎస్‌ఆర్‌జీబీలో (255, 0, 0) అనే నిండు ఎరుపును డిస్‌ప్లే పీ3 తెరపై అదే రంగుగా చూపాలంటే దానికి పంపాల్సిన అంకెలు సుమారు (234, 51, 35). నిండు ఆకుపచ్చ (0, 255, 0) అయితే (117, 251, 76) అవుతుంది. ఈ మార్పిడి చేసేవాళ్లు లేక పాత అంకెలే నేరుగా వెళ్తే, పీ3 తెర తన పెద్ద సోలతో కొలిచి పోస్తుంది. బూడిద రంగులు మాత్రం చెక్కుచెదరవు. రెండు ప్రమాణాలకూ తెలుపు ఒకటే, వెలుగు పెరిగే తీరూ ఒకటే కాబట్టి (128, 128, 128) రెండింట్లోనూ (128, 128, 128) గానే ఉంటుంది. ఈ సమస్య చాలామంది కంట పడకపోవడానికి ఇదే కారణం. అక్షరాలు, తెల్ల పేజీలు, నలుపు తెలుపు ఫోటోలు అన్నీ సరిగ్గానే కనబడతాయి. రంగులు మాత్రమే కాస్త ‘బాగా’ కనబడతాయి.

ఆ ‘బాగా’ వెనక ఎంత నష్టముందో ఒక మేనిఛాయ తీసుకుని లెక్కగట్టి చూద్దాం. చామనఛాయ చెంప మీద ఒక బిందువు ఎస్‌ఆర్‌జీబీలో (180, 125, 95) అనుకుందాం. మార్పిడి లేకుండా ఈ అంకెలు పీ3 తెరకు వెళ్తే చూసేవాడి కంటికి అది ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో సుమారు (190, 122, 89)గా తోస్తుంది. అంటే ఎరుపెక్కుతుంది, నీలం తగ్గుతుంది, చర్మం ఎండకు కందినట్టుంటుంది. ఫోటో దిద్దే మనిషి సహజంగానే గాఢత తగ్గిస్తాడు. తెరపై చెంప మళ్లీ (180, 125, 95)లా కనబడే దాకా తగ్గిస్తే, ఫైల్‌లోకి ఎక్కే అంకెలు సుమారు (172, 127, 100) అవుతాయి. ఆ ఫైల్‌ను సరైన తెర మీద చూసే ప్రతి ఒక్కరికీ చర్మం పాలిపోయి, బూడిద తిరిగి కనబడుతుంది. దిద్దిన మనిషి కన్ను సరిగ్గానే చూసింది, చెయ్యి సరిగ్గానే దిద్దింది. తప్పు తెర చెప్పిన సాక్ష్యంలో ఉంది. పెళ్లి ఫోటోల్లో ఇది మరీ ఇబ్బంది. ఎర్ర పట్టుచీర, పసుపు రాసిన పాదాలు, బంతిపూల దండలు అన్నీ ఒక్కసారే గాఢమైపోతే మొత్తం ఆల్బమ్ గాఢతనే తగ్గించాలనిపిస్తుంది. పని అప్పగించాక పెళ్లివారి ఫోన్లలో ఫోటోలు వెలవెలబోతాయి.

ఈ మార్పిడి చేయాల్సింది మానిటర్ కాదు, కంప్యూటర్. అందుకు దానికి రెండు విషయాలు తెలియాలి. బొమ్మ ఏ ప్రమాణంలో ఉందో ఫైల్‌లో పొదిగిన ప్రొఫైల్ చెబుతుంది. తెర ఏ ప్రమాణంలో చూపుతుందో మానిటర్ ఐసీసీ ప్రొఫైల్ చెబుతుంది. మ్యాక్‌లో ఈ పని మొత్తం వ్యవస్థే చూసుకుంటుంది. మానిటర్ ప్రొఫైల్ సరైనదైతే కిటికీలన్నీ, బొమ్మలన్నీ దాని ద్వారానే తెరకు చేరతాయి. ఏ ట్యాగూ లేని బొమ్మను ఎస్‌ఆర్‌జీబీగా లెక్కగడుతుంది. విండోస్‌లో ఆనవాయితీగా ఈ బాధ్యత ఒక్కో ప్రోగ్రామ్‌దే. ఫోటోషాప్, లైట్‌రూమ్ చేస్తాయి. క్రోమ్ కూడా చేస్తుంది, ట్యాగ్ లేని బొమ్మలనూ పేజీ రంగులనూ ఎస్‌ఆర్‌జీబీగా భావించి మారుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో `about:config` తెరిచి `gfx.color_management.mode` చూడాలి. అక్కడ 2 ఉంటే ట్యాగ్ ఉన్న బొమ్మలనే మారుస్తుంది, 1 ఉంటే అన్నిటినీ మారుస్తుంది. డెస్క్‌టాప్ ఐకాన్లు, పెయింట్, చాలా ఆటలు, ఎన్నో చిన్న ప్రోగ్రాములు ఏమీ పట్టించుకోవు. పైగా విండోస్‌కు మానిటర్ ప్రొఫైల్ ఇవ్వకపోతే అది ఎస్‌ఆర్‌జీబీయే అనుకుంటుంది. అప్పుడు ఫోటోషాప్ కూడా ‘తెర ఎస్‌ఆర్‌జీబీ, మార్చాల్సిందేమీ లేదు’ అనుకుని అంకెలను యథాతథంగా పంపేస్తుంది. ఫోటోషాప్ ఉంటే చాలు, రంగులు అదే చూసుకుంటుంది అన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

ఇందులో అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. మానిటర్ మెనూలో మోడ్ మారిస్తే ఆ మాట మామూలుగా కంప్యూటర్‌కు చేరదు. కాబట్టి మోడ్, ప్రొఫైల్ రెండూ విడివిడిగా ఉండే మీటలు, వాటిని జతగా తిప్పాల్సింది మనిషే. రెండూ ఎస్‌ఆర్‌జీబీ అయితే అన్ని ప్రోగ్రాముల్లోనూ రంగు ఒకేలా, సరిగ్గా ఉంటుంది. రెండూ వైడ్ అయితే రంగులను పట్టించుకునే ప్రోగ్రాముల్లో సరిగ్గా, మిగతావాటిలో గాఢంగా ఉంటుంది. మానిటర్ వైడ్‌లో ఉండి ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీగా ఉంటే అన్నీ గాఢంగా ఉంటాయి, ఫోటోషాప్‌తో సహా. నాలుగో జత అన్నిటికన్నా మోసకారి. తయారీదారు డ్రైవర్‌తో పాటు వైడ్ ప్రొఫైల్ ఎక్కించుకుని, తర్వాత ఎవరో చెప్పారని మానిటర్‌ను `sRGB`కి మార్చినప్పుడు పెయింట్‌లో, డెస్క్‌టాప్‌లో రంగులు సరిగ్గా ఉంటాయి. ఫోటోషాప్‌లోనూ క్రోమ్‌లోనూ మాత్రం మార్పిడి రెండుసార్లు జరిగి వెలిసిపోతాయి. పైన చెప్పిన చెంప ఫోటోషాప్‌లో (172, 127, 100)లా కనబడుతుంది. దిద్దేవాడు ఈసారి గాఢత పెంచుతాడు. ఫోటోలు చూసినవాళ్లకు ముఖాలు ఎర్రబారి కనబడతాయి.

ఈ లెక్కలన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయని నా అభిప్రాయం. విండోస్ వాడుతూ, ప్రొఫైలింగ్ పరికరం లేకుండా, ఫోటోలు వాట్సాప్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో వెబ్‌సైట్‌కో వెళ్లేవాళ్లకు రోజువారీ స్థానం `sRGB` మోడ్, దానికి జతగా ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్. నాలుగు జతల్లో ఏ ప్రోగ్రామ్ శ్రద్ధ మీదా ఆధారపడకుండా రంగును సరిగ్గా చూపేది ఇదొక్కటే. ప్రోగ్రామ్ రంగులను పట్టించుకున్నా పట్టించుకోకపోయినా ఫలితం మారదు. మ్యాక్‌లో అయితే నా సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మార్పిడి ఎక్కడా తప్పిపోదు కాబట్టి తెరను పూర్తి పరిధిలో ఉంచి, ఆ పరిధిని వర్ణించే ప్రొఫైల్ ఇవ్వడమే సరైన పద్ధతి. మోడ్‌ను ఎస్‌ఆర్‌జీబీకి కుదిస్తే అక్కడ పోగొట్టుకోవడమే తప్ప లాభం లేదు.

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు పెట్టి కొన్న రంగులను మూసి పెట్టుకోవడమేమిటని. ఆ రంగులు నిజమైనవే, వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒక చిన్న ప్రయోగంతో వాటిని కళ్లారా చూడవచ్చు. ఫోటోషాప్‌లో డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో కొత్త ఫైల్ తెరిచి, మొత్తం (255, 0, 0) నింపి, దాని మీద (234, 51, 35)తో ఒక పేరు రాయాలి. మోడ్, ప్రొఫైల్ రెండూ వైడ్‌గా ఉన్న తెర మీద ఆ పేరు ఎర్రటి నేల మీద కాస్త వెలిసిన ఎరుపులో స్పష్టంగా చదవవచ్చు. ఇప్పుడు ఆ ఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీలోకి మారిస్తే పేరు మాయమవుతుంది, ఎందుకంటే రెండు ఎరుపులూ ఒకే (255, 0, 0) దగ్గర ఇరుక్కుపోతాయి. ఎండలో తీసిన ముద్దబంతి పువ్వు రేకుల అంచులకూ, ఎర్ర పట్టు మడతలకూ జరిగేది అచ్చంగా ఇదే. కెమెరా సెన్సర్ ఆ మడతను పట్టింది, ఎస్‌ఆర్‌జీబీ దాన్ని ఒకే ఎర్ర ముద్దగా చేసింది. కానీ ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. `sRGB` మోడ్‌లో పని చేసినంత మాత్రాన ఫైల్‌లోంచి ఏదీ పోదు. రా ఫైల్ అలాగే ఉంటుంది, లైట్‌రూమ్ లోపల లెక్కలు ప్రోఫోటో లాంటి ఎంతో విశాలమైన పరిధిలో సాగుతాయి, మోడ్ మార్చి రేపు తెరిచినా అన్నీ అక్కడే ఉంటాయి. పోయేది చూపు మాత్రమే. చివరికి ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌గా పంపబోయే ఫోటోకు, చూసేవాళ్లకు చేరని మడతను మనం మాత్రం తెర మీద చూస్తూ దిద్దడం వల్ల ఒరిగేదేమీ లేదు. చేరేదాన్నే చూస్తూ దిద్దితే మడత కనబడేలా వెలుగునో గాఢతనో తగ్గించాలని అప్పుడే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఫోటోలు చూసేది ఇప్పుడు ఫోన్లలో. 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి ఐఫోన్లలో పీ3 తెరలున్నాయి, 2017లో ఆండ్రాయిడ్ 8.0కు రంగుల నిర్వహణ వచ్చింది. అలాంటప్పుడు ఇంకా ఎస్‌ఆర్‌జీబీ ఎందుకు? ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఐఫోన్ తెర పీ3 అయినా, ఎస్‌ఆర్‌జీబీ ఫోటోను అది మార్పిడి చేసి ఎస్‌ఆర్‌జీబీగానే చూపుతుంది. కాబట్టి ఎస్‌ఆర్‌జీబీ మానిటర్‌పై దిద్దిన ఫోటో ఐఫోన్‌లో దిద్దినట్టే కనబడుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ‘వివిడ్’ లాంటి మోడ్‌లో అన్నిటినీ కావాలనే గాఢం చేస్తాయి. కానీ అది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, దానికి తగ్గట్టు దిద్దడం ఎవరి తరమూ కాదు. మిగిలింది పీ3 ఫైల్‌ను పీ3గానే అందించడం. చూసేవాళ్ల ఫోన్లు దానికి తగినవైతే బంతిపువ్వు నిజంగానే మరింత బాగుంటుంది. అయితే ఫైల్ దారిలో ఎక్కడైనా ప్రొఫైల్ ఊడిపోతే, పీ3 అంకెలను ఎస్‌ఆర్‌జీబీగా చదవడం వల్ల అందరికీ వెలిసిన ఫోటో కనబడుతుంది. ఎవరికి పంపుతున్నామో, ఏ దారిన వెళ్తుందో తెలిసినప్పుడే ఆ పని చేయాలి. తెలియనప్పుడు ఎస్‌ఆర్‌జీబీ జేపెగే క్షేమం.

ముద్రణ గురించిన అభ్యంతరాన్ని మాత్రం చాలావరకు ఒప్పుకోవాలి. మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ ఇచ్చే ఆకుపచ్చ నీలాల్లో, గాఢమైన పసుపుల్లో కొన్ని ఎస్‌ఆర్‌జీబీకి బయట ఉంటాయి. అడోబ్ ఆర్‌జీబీ పుట్టిందే అందుకు. సొంత ప్రింటర్, ఆ కాగితానికి సరిపోయే ప్రొఫైల్, తెరను కొలిచే పరికరం ఉన్నవాళ్లు వైడ్ మోడ్‌లోనే పని చేయాలి. లేకపోతే కాగితం మీదకు రాగల రంగును తెర మీద చూడలేరు. కానీ ఫోటో ల్యాబుకు ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఇచ్చి ఆల్బమ్ వేయించుకునేవాళ్లకు ఈ వాదన వర్తించదు. ల్యాబ్ ఏం కోరుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. అది ఎస్‌ఆర్‌జీబీ అడిగితే ముద్రణ కూడా వెబ్ దారిలోకే వస్తుంది.

`sRGB` మోడ్‌కు దాని లోపాలు దానికున్నాయి. చాలా మానిటర్లలో ఈ మోడ్ ఎంచుకోగానే తెలుపు ఛాయ సర్దుబాటు మూసుకుపోతుంది, కొన్నింటిలో ఏకంగా వెలుగు మీటే పనిచేయదు. ఫోటో పనికి సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు చాలు. మానిటర్ అంతకు రెట్టింపు దగ్గర బిగుసుకుపోతే, చీకటి గదిలో దిద్దిన ఫోటోలు బయట నల్లగా తేలతాయి. కాబట్టి కొనేముందే ఈ ఒక్క విషయం సమీక్షల్లో వెతికి చూడడం మంచిది. ఇప్పటికే కొన్న మానిటర్‌లో ఈ చిక్కు ఉంటే, కుదింపు పనిని మానిటర్‌కు బదులు కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. విండోస్ 11లో కొత్త గ్రాఫిక్స్ కార్డులకు `Automatically manage color for apps` అనే మీట ఉంది. అది ఆన్‌లో ఉంటే రంగులను పట్టించుకోని ప్రోగ్రాములన్నిటినీ విండోస్ ఎస్‌ఆర్‌జీబీగా భావించి తెరకు తగ్గట్టు మారుస్తుంది, అంటే మ్యాక్ పద్ధతికి దగ్గరవుతుంది. అప్పుడు మానిటర్‌ను వైడ్ మోడ్‌లోనే ఉంచాలి. `sRGB`లో ఉంచి ఈ మీట ఆన్ చేస్తే రెండుసార్ల మార్పిడి మళ్లీ మొదలవుతుంది. ఇందులో మరో మెలిక ఉంది. ఈ మీట ఆన్‌లో ఉన్నప్పుడు, ఐసీసీ ప్రొఫైల్ చదివే పాత పద్ధతి ప్రోగ్రాములకు విండోస్ తెరను ఎస్‌ఆర్‌జీబీగానే పరిచయం చేస్తుంది. వాటిలో వైడ్ రంగులు చూడాలంటే ఆ ప్రోగ్రామ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో, కంపాటిబిలిటీ విభాగంలో, పాత ఐసీసీ పద్ధతినే వాడమని గుర్తు పెట్టాలి.

వైడ్ మోడ్‌నే రోజువారీగా ఎంచుకునేవాళ్లకు కలరీమీటర్ అవసరమని చెప్పడం అతిశయోక్తి కాదు. తయారీదారు ఇచ్చే ప్రొఫైల్ ఆ మోడల్‌కు సగటు వర్ణన మాత్రమే, బల్ల మీదున్న ఈ తెరది కాదు. మానిటర్‌ను అరగంట వెలిగి ఉండనిచ్చి, కావలసిన వెలుగు పెట్టుకుని, వైడ్ మోడ్‌లో డిస్‌ప్లేక్యాల్ లాంటి ప్రోగ్రామ్‌తో కొలిచి ప్రొఫైల్ తయారు చేసుకోవాలి. తర్వాత `sRGB` మోడ్‌లోనూ మళ్లీ కొలిచి రెండో ప్రొఫైల్ చేసి పెట్టుకుంటే, అవసరాన్ని బట్టి మోడ్‌తో పాటు ప్రొఫైల్ కూడా మార్చుకోవచ్చు. విండోస్‌లో ఆ మార్పు చేసే చోటును రన్ పెట్టెలో `colorcpl` అని కొట్టి తెరవవచ్చు. ప్రొఫైల్ మార్చాక ఫోటోషాప్‌ను మూసి తెరవాలి, ఎందుకంటే అది మొదలయ్యేటప్పుడు చదివిన ప్రొఫైల్‌నే పట్టుకుని ఉండే అవకాశం ఉంది. ఈ మోడ్‌లో వెబ్ కోసం దిద్దేటప్పుడు లైట్‌రూమ్‌లో సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేసి ఎస్‌ఆర్‌జీబీని ఎంచుకోవాలి. ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటిన చోట్లను అది గుర్తుపెట్టి చూపుతుంది.

తెర ఇప్పుడు ఏ జతలో ఉందో అనుమానం వస్తే రెండు చోట్ల వెతకాలి, ఒక్కచోట చూస్తే తేలదు. ముందుగా నిండు ఎరుపు (255, 0, 0) నింపి, ఎస్‌ఆర్‌జీబీ ట్యాగ్‌తో భద్రపరిచిన ఒక పీఎన్‌జీని ఫోటోషాప్‌లోనూ పెయింట్‌లోనూ పక్కపక్కన తెరవాలి. విండోస్ 11లో పైన చెప్పిన మీట ఆఫ్‌లో ఉన్నప్పుడే ఈ పరీక్ష పనికొస్తుంది. రెండు ఎరుపులూ ఒకేలా ఉంటే కంప్యూటర్ దగ్గరున్నది ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్. ఫోటోషాప్‌లో ఎరుపు కాస్త వెలిసి, నారింజ వైపు తిరిగి ఉంటే ప్రొఫైల్ వైడ్. ఈ పరీక్ష మానిటర్ మోడ్ గురించి ఒక్క మాట కూడా చెప్పదు. దానికి మానిటర్ కింద మీట నొక్కి మెనూలో పేరు చదవాల్సిందే. ఎరుపులు ఒకేలా ఉండి మెనూలో `sRGB` ఉంటే సరే. ఒకేలా ఉండి మెనూలో `Native` లేదా `User` ఉంటే, ఇంతకాలం గాఢమైన తెర మీద దిద్దినట్టు. ఎరుపులు తేడాగా ఉండి మెనూలో `sRGB` ఉంటే, వెలిసిన తెర మీద దిద్దినట్టు. ఈ రెండు సందర్భాల్లోనూ ముందుగా జత సరిచేసి, ఆ తర్వాతే పాత ఫోటోల రా ఫైళ్లను మళ్లీ తెరిచి, అప్పట్లో తిప్పిన గాఢత మీటను దాని మొదటి చోటికి తేవాలి.